మూడు పేజీల బయోడేటా, రెండు నిమిషాల పరిచయం

ప్రశ్న: మా కళాశాల విభాగ వార్షికోత్సవానికి వస్తున్న ముఖ్య అతిథిని పరిచయం చేసే బాధ్యత నాకు అప్పగించారు. వారు పంపిన బయోడేటా మూడు పేజీలుంది. రెండు నిమిషాలు దాటకూడదని మా విభాగాధిపతి గారు చెప్పారు. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? కాగితం చూసి అప్పజెప్పినట్టు కాకుండా ఆప్యాయంగా ఉండాలంటే ఎలా రాసుకోవాలి?

సమాధానం:

ముందుగా ఒక మాట. ఆ మూడు పేజీలను కుదించే ప్రయత్నం చేయకండి. బయోడేటా అనేది ఉద్యోగానికో పురస్కారానికో దరఖాస్తు చేసుకోవడానికి రాసుకున్న కాగితం. ఏదీ వదిలిపెట్టకపోవడమే దాని పని. దాన్ని ఎంత కుదించినా చివరికి మిగిలేది చిన్న బయోడేటాయే గాని పరిచయం కాదు. సభలో కూర్చున్న విద్యార్థి తెలుసుకోదలచినది ఒక్కటే: ఈ విషయం మీద ఈ మనిషి మాట తాను ఎందుకు వినాలి? దానికి జవాబు చెప్పే రెండు మూడు సంగతులను ఏరుకుని, బయోడేటాను పక్కన పెట్టి, తెల్లకాగితం మీద మొదటి నుంచి రాసుకోవాలి.

రెండు నిమిషాలంటే ఎంతో కూడా లెక్క వేసుకోండి. మీరు మైకు దగ్గరకు రావడం, సభ సద్దుమణగడం, చివర చప్పట్లు, ఇవన్నీ పోగా మీకు మిగిలేది తొంభై సెకన్లు. మన మాటలు సంధులతో, విభక్తులతో పొడవుగా ఉంటాయి. నేను గడియారం పెట్టుకుని చూసుకున్నప్పుడు, సభలో నిలకడగా మాట్లాడితే నిమిషానికి ఎనభై, తొంభై మాటల కంటే ఎక్కువ సాగలేదు. అంటే మీరు రాసుకోవలసింది దాదాపు నూట ముప్పై మాటలు, చేతిరాతలో ఒక పేజీకి లోపే. ఈ హద్దు ముందే తెలిస్తే, పురస్కారాల జాబితాలో ఏది ఉంచాలన్న బెంగ సగం తీరిపోతుంది, ఎందుకంటే జాబితాకు అసలు చోటే లేదు.

అతిథిని వేదిక మీదకు పిలవడం, అతిథిని పరిచయం చేయడం అనే రెండు పనులను చాలా సభల్లో కలిపేస్తున్నారు. వేదిక మీదకు పిలిచేటప్పుడు పేరు, హోదా చెబితే చాలు. పరిచయం వారి ప్రసంగానికి సరిగ్గా ముందు రావాలి. మొదట్లోనే పూర్తి పరిచయం చేసేస్తే, జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, వార్షిక నివేదిక అన్నీ అయ్యి అతిథి లేచి నిలబడేసరికి మీరు చెప్పినది ఎవరికీ గుర్తుండదు. ఆ తరువాత సన్మాన పత్రం చదివే కార్యక్రమం కూడా ఉంటే, దాన్ని రాసినవారితో ముందే మాట్లాడుకోండి. ఒకే జీవిత చరిత్రను ఒకే సాయంత్రం రెండుసార్లు విన్న సభలను నేను చాలానే చూశాను. పురస్కారాలు, పదవుల వివరాలకు సరైన చోటు సన్మాన పత్రం. వాటిని దానికి వదిలేస్తే మీ పని తేలికవుతుంది.

ఇక అసలు పని. పరిచయం బాగుండటమూ బాగుండకపోవడమూ మీరు రాసే వాక్యాల కంటే ముందు, సభకు మూడు నాలుగు రోజుల ముందు అతిథితో మీరు చేసే పది నిమిషాల ఫోను సంభాషణలోనే తేలిపోతుంది. పెద్దవారికి ఫోను చేసి అడగడం మర్యాద కాదని విద్యార్థులు జంకుతారు. నాకు తెలిసినంతలో ఏ అతిథీ ఇందుకు నొచ్చుకోలేదు. తమ పేరు తప్పుగా విని, తాము ఎప్పుడో వదిలేసిన హోదాతో పిలిపించుకుని, వేదిక మీద నవ్వుతూ ఊరుకోవలసి వచ్చినవారు మాత్రం చాలామంది ఉన్నారు. ముందుగా సందేశం పంపి, వారికి వీలైన సమయం అడిగి, ఆ సమయానికే చేయండి.

ఆ సంభాషణ ఎలా సాగుతుందో చెప్పడానికి కొన్నేళ్ల క్రితం నేనూ నా విద్యార్థినీ కలిసి తయారుచేసిన ఒక పరిచయాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అది సివిల్ ఇంజినీరింగ్ విభాగ వార్షికోత్సవం. అతిథి వంతెనల తనిఖీలో అనుభవమున్న ఇంజినీరు. బయోడేటాలో చదువు, పదోన్నతులు, సభ్యత్వాలు, సదస్సుల్లో సమర్పించిన పత్రాలు వరుసగా ఉన్నాయి. దాని ఆధారంగా మా అమ్మాయి రాసుకొచ్చిన మొదటి ప్రతి ఇలా మొదలైంది: "పరిచయం అక్కర్లేని వ్యక్తి, బహుముఖ ప్రజ్ఞాశాలి, వంతెనల రంగంలో తొలి మహిళా ఇంజినీరు, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు శ్రీమతి ఫలానా గారు..." ఈ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లు, రెండు వృథా మాటలు ఉన్నాయని మాకు ఫోను చేశాకే తెలిసింది.

మొదటి పొరపాటు హోదా. బయోడేటా పాతది. నాలుగు నెలల క్రితమే ఆమెకు పదోన్నతి వచ్చి సూపరింటెండింగ్ ఇంజినీరు అయ్యారు. రెండోది ఇంకా పెద్దది. "తొలి మహిళా ఇంజినీరు" అన్న మాట బయోడేటాలో లేదు, మా అమ్మాయి అంతర్జాలంలో ఒక పాత వార్తలో చూసి తీసుకుంది. ఆ మాట వినగానే అతిథి నవ్వి, "మా విభాగంలో నాకంటే ముందే ఒక మేడమ్ ఉన్నారమ్మా, నేను పని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే" అన్నారు. ఆ రోజు సభలో ఆ వాక్యం చదివి ఉంటే, అతిథి తన ప్రసంగాన్ని మన తప్పు దిద్దడంతో మొదలుపెట్టవలసి వచ్చేది, లేదా తనకు పని నేర్పినవారికి జరిగిన అన్యాయాన్ని మౌనంగా భరించవలసి వచ్చేది. అందుకే "తొలి", "ఏకైక", "అతి పిన్న వయసులో" అన్న మాటలు ఎక్కడ కనిపించినా అతిథి నోటనే నిర్ధారించుకోండి. లేకపోతే కొట్టేయండి. కొట్టేసినందువల్ల పరిచయానికి నష్టమేమీ ఉండదు.

అంతర్జాలం విషయంలో ఇంకో జాగ్రత్త. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవారు మనలో చాలామంది ఉంటారు. ఒకరు రాసిన పుస్తకం ఇంకొకరి ఖాతాలో పడటం కొత్తేమీ కాదు. అక్కడ దొరికినదాన్ని అతిథిని అడగవలసిన ప్రశ్నగా రాసుకోండి గాని వాస్తవంగా రాసుకోకండి.

ఫోనులో మేము అడిగినవి నాలుగే సంగతులు. మీ పేరు ఎలా పలకాలి, ఎలా పిలిస్తే మీకు ఇష్టం? ఈ రోజుకు మీ హోదా సరిగ్గా ఏమిటి? మీరు ఏ అంశం మీద మాట్లాడబోతున్నారు? మీ పనిలో మా విద్యార్థులకు చెప్పదగ్గ ఒక సంఘటన ఏదైనా ఉందా? చివరి ప్రశ్నకు వచ్చిన జవాబే పరిచయానికి ప్రాణం పోసింది. ఒకసారి వరద తగ్గాక, పైకి ఏమాత్రం చెక్కుచెదరని ఒక వంతెన మీద ఆమె రాకపోకలు ఆపించారట. ప్రవాహం స్తంభం చుట్టూ సుడులు తిరుగుతూ పునాది దగ్గర ఇసుకను కోసుకుపోతుంది. నీరు తగ్గే సమయంలో ఆ గుంతలో వదులు మట్టి మళ్లీ పేరుకుంటుంది గనుక పైనుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. గడ్డపార దింపి చూస్తే గాని కింద గట్టి నేల లేదని తెలియదు. రాకపోకలు ఆపినన్నాళ్లూ అందరూ తనను తిట్టుకున్నారని ఆమె సరదాగా చెప్పారు.

ఇక్కడ తప్పకుండా అడగవలసిన ఇంకో ప్రశ్న ఉంది: "ఈ సంఘటన మీ ప్రసంగంలో ఉంటుందా, మేడమ్?" ఆమె ఉంటుందనే అన్నారు. పరిచయకర్త ఉత్సాహంలో కథంతా చెప్పేస్తే, అతిథి దగ్గర సిద్ధం చేసుకున్న మొదటి ఐదు నిమిషాలు ఖాళీ అయిపోతాయి. కాబట్టి మేము ఆ సంఘటనను సగంలో ఆపాం. వంతెన ఆపించారని చెప్పాం. ఎందుకో చెప్పలేదు. చివరికి సభలో చదివిన పాఠం ఇది:

"అందరికీ నమస్కారం. వంతెన మీద వెళ్లేటప్పుడు మనం కాళ్ల కింది రోడ్డును చూస్తాం, పక్కనున్న నదిని చూస్తాం. ఈనాటి మన ముఖ్య అతిథి చూసేది నీటి అడుగున, మనకు కనిపించని భాగాన్ని. ఇరవై ఆరేళ్లుగా వంతెనల తనిఖీ, మరమ్మతులే వారి పని. ప్రస్తుతం సూపరింటెండింగ్ ఇంజినీరుగా ఉన్నారు. ఒకసారి వరద తగ్గాక, పైకి ఏ దెబ్బా కనిపించని ఒక వంతెన మీద వారు రాకపోకలు ఆపించారు. ఎందుకు ఆపారని అందరూ అడిగారు, కొందరు కోప్పడ్డారు కూడా. ఆ జవాబు ఈ రోజు వారి నోటనే విందాం. వంతెన ఎలా కట్టాలో మనం తరగతిలో నేర్చుకుంటున్నాం. కట్టిన వంతెన పాతబడ్డాక దాన్ని ఎలా కనిపెట్టుకుని ఉండాలో వారు చెప్పబోతున్నారు. మన మూడో సంవత్సరం విద్యార్థులు రాసిన తనిఖీ నివేదికలను వారు తెప్పించుకుని చదివారు. వాటి గురించి కూడా మాట్లాడతానన్నారు. 'నీటి కింద వంతెన' అనే అంశం మీద ప్రసంగించవలసిందిగా శ్రీమతి (పూర్తి పేరు) గారిని సగౌరవంగా ఆహ్వానిస్తున్నాను."

ఇందులో ఒక్క పొగడ్త మాట కూడా లేదని గమనించండి. "గొప్ప", "మహోన్నత", "బహుముఖ" వంటి విశేషణాలు ఏ అతిథికైనా అతుకుతాయి గనుక వినేవారికి అవి ఏ బొమ్మనూ చూపించవు. పైగా పక్కన కూర్చున్న అతిథికి అవి ఇబ్బంది కలిగిస్తాయి. తలవంచుకుని చేతి గడియారం వైపు చూసుకునే అతిథిని మీరూ చూసే ఉంటారు. జనం తిట్టుకుంటున్నా వంతెన తెరవనివ్వలేదన్న సంగతి వింటే, "ధైర్యవంతురాలు" అన్న మాటను సభలోని వారే అనుకుంటారు.

ఆప్యాయత ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. అది విద్యార్థుల నివేదికలను తెప్పించుకుని చదివారన్న వాక్యం నుంచి వచ్చింది. ఆ సంగతి ఏ బయోడేటాలోనూ ఉండదు. అది ఈ అతిథికీ ఈ సభకూ మధ్య మాత్రమే ఉన్న సంబంధం. మీ అతిథి విషయంలోనూ అలాంటిది ఒకటి వెతకండి. వారు మీ కళాశాలలోనే చదివి ఉండవచ్చు, మీ గ్రంథాలయంలో వారి పుస్తకం ఉండవచ్చు, మీ సీనియర్ ఒకరు వారి దగ్గర శిక్షణ పొంది ఉండవచ్చు, ఆహ్వానించడానికి వెళ్లినప్పుడు వారు అడిగిన ప్రశ్న ఏదైనా మీకు గుర్తుండవచ్చు. ఏమీ దొరకకపోతే లేని చనువు కల్పించకండి. "మా అందరికీ అమ్మలాంటివారు" అని మొదటిసారి చూస్తున్న మనిషి గురించి అంటే అది కృత్రిమమని సభకు వెంటనే తెలిసిపోతుంది. అంశానికీ మీ చదువుకూ ఉన్న సంబంధాన్ని ఒక వాక్యంలో చెప్పి ఊరుకోండి, అది చాలు. వయసు, కుటుంబం, ఆరోగ్యం, పడిన కష్టాలు, ఇవి మాత్రం వారే చెప్పమంటే తప్ప మీ నోట రాకూడదు.

పేరు చివరన ఎందుకు పెట్టామంటే, పేరు వినగానే సభ చప్పట్లు కొడుతుంది. మొదట్లో చెబితే చప్పట్లు మొదట్లోనే వచ్చి, మీరు మళ్లీ సభను మౌనం చేయించి మాట్లాడవలసి వస్తుంది. చివరన చెబితే ఆ చప్పట్ల మధ్య అతిథి నడిచి వస్తారు. వేదిక మీదకు పిలిచినప్పుడే పేరు చెప్పి ఉంటారు కాబట్టి దాచిపెట్టారన్న ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు పేరు పలకడం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే నేను విన్న తప్పుల్లో అధికభాగం ఇక్కడే జరిగాయి. బయోడేటాలు ఆంగ్లంలో వస్తాయి. ఆంగ్ల అక్షరాల్లో రమ, రామ ఒకేలా కనిపిస్తాయి. కళ, కల, కాల మధ్య తేడా తెలియదు. ఇంటిపేర్లలో దీర్ఘం ఉందో లేదో, ల ఉందో ళ ఉందో కాగితం చెప్పదు. అతిథిని అడిగి, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకుని, వారికే ఒకసారి చదివి వినిపించండి. వేరే భాషా ప్రాంతం నుంచి వచ్చినవారైతే ఇది మరీ ముఖ్యం. పొడి అక్షరాలను విడమర్చి పూర్తి పేరు చెప్పాలా, లేక అందరికీ తెలిసిన పొట్టి పేరుతోనే పిలవాలా అన్నది కూడా వారి ఇష్టమే. ఆ పేరును పెద్దగా ఇరవైసార్లు పలికి నాలుకకు అలవాటు చేసుకోండి. మనసులో చదువుకుంటే సరిగ్గా ఉన్నట్టే అనిపించే పేరు, మైకు ముందు తడబడుతుంది.

పేరు ముందు చేర్చే గౌరవ వాచకాల్లోనూ ఒక పద్ధతి ఉంది. డాక్టర్, ప్రొఫెసర్ వంటివి ఉన్నప్పుడు మళ్లీ శ్రీ అక్కర్లేదు. చివరన గారు ఉంటే చాలు. గౌరవ డాక్టరేట్ అందుకున్నవారి పేరు ముందు డాక్టర్ అని వాడకపోవడమే విద్యాసంస్థల్లో సరైన సంప్రదాయం. పద్మ పురస్కారాల విషయంలో ఇది సంప్రదాయం కాదు, నియమమే. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను నిషేధించింది. 1995లో సుప్రీంకోర్టు, ఈ పురస్కారాలు బిరుదులు కావని, అయితే వాటిని పేరుకు ముందుగాని వెనకగాని తగిలించకూడదని స్పష్టం చేసింది. కాబట్టి "పద్మశ్రీ ఫలానా గారు" అనకుండా "పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఫలానా గారు" అనాలి. మీ కళాశాల ఆహ్వాన పత్రికలో ఇప్పటికే మొదటి పద్ధతిలో అచ్చయి ఉంటే, మీరు సభలో దాని గురించి ఏమీ అనకుండా మీ వాక్యం మాత్రం సరిగ్గా చెప్పండి.

హోదాలో ఒక్క మాట పోతే అర్థం మారిపోతుంది. అదనపు డైరెక్టరును డైరెక్టరు అంటే పొగిడినట్టు కాదు, పై అధికారి పదవిని ఇచ్చేసినట్టు. సభలో వారి సహోద్యోగులు ఉంటే ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. పదవీ విరమణ చేసినవారిని విశ్రాంత అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. బదిలీలు, పదోన్నతులు ఎప్పుడైనా రావచ్చు గనుక, సభ రోజు ఉదయం వారి వెంట వచ్చే మనిషినో కార్యాలయంలోనివారినో ఒక్కసారి అడిగి రూఢి చేసుకోండి.

అతిథి ఫోనులో దొరకకపోతే, లేదా చివరి గంటలో వారికి బదులు ఇంకొకరు వస్తే, తెలిసినంతే చెప్పండి. పేరు, హోదా, మాట్లాడే అంశం, వచ్చినందుకు కృతజ్ఞత: ఈ నాలుగింటితో ముప్పై సెకన్లలో ముగిసే పరిచయం పూర్తిగా మర్యాదైనదే. పాత అతిథి కోసం రాసుకున్న వాక్యాలను కొత్తవారికి తొడగడం మాత్రం ప్రమాదకరం. ఒక సభలో అలా జరిగి, గణిత అధ్యాపకుడు కాసేపు పక్షి శాస్త్రవేత్త అయ్యారు.

సాధన చేసేటప్పుడు పాఠాన్ని బట్టీ పట్టకండి. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం నోటికి రావాలి. మధ్యలోవి గుర్తుగా చిన్న అట్టముక్క మీద రాసుకుని చేతిలో ఉంచుకోండి. ఫోను చూసి చదివితే తెర ఆరిపోతుంది, మీ ముఖం కిందికి వాలిపోతుంది. పేరును మాత్రం, ఎంత బాగా వచ్చినా సరే, పెద్ద అక్షరాల్లో రాసుకోండి, ఎందుకంటే వేదిక మీద మనకు బాగా తెలిసిన పేరే ముందుగా మరుపుకొస్తుంది. సభను చూస్తూ మాట్లాడి, ఆహ్వానించే చివరి వాక్యంలో మాత్రం అతిథి వైపు తిరగండి. పేరు పలికేటప్పుడు నోరు మైకు దగ్గరే ఉండాలి. వారి వైపు తల తిప్పుతూ పలికితే సభకు సరిగ్గా ఆ పేరే వినిపించదు. వారు లేచి మైకు చేరేవరకు మీరు అక్కడే ఉండి, మైకు ఎత్తు వారికి సరిపోయిందో లేదో చూసి, పక్కకు తప్పుకోండి.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా అతిథి మైకు ముందుకు వచ్చి మీరు చెప్పిన ఏదో ఒకదాన్ని దిద్దవచ్చు. అప్పుడు కూర్చున్న చోటు నుంచే నమస్కరించి ఊరుకోండి. వివరణ ఇవ్వడానికి మళ్లీ మైకు దగ్గరకు వెళ్లకండి. అతిథిని ఫోనులో ఏదైనా అడగడం మరిచిపోయి, ఆ సంగతి మీకు పరిచయం మధ్యలో గుర్తుకొచ్చినా ఇదే పద్ధతి: ఖాయంగా తెలియని వాక్యాన్ని ఆగకుండా దాటేసి తరువాతి వాక్యానికి వెళ్లండి. అక్కడ ఒక వాక్యం ఉండేదని మీకు తప్ప ఎవరికీ తెలియదు.